ఉత్తుత్తి ఖాళీలు: నెలల తరబడి తెరిచి ఉండే ఉద్యోగ ప్రకటనలను గుర్తుపట్టడం ఎలా?

పశ్చిమ ప్రకాశంలో డిగ్రీ, పీజీ పూర్తిచేసిన దళిత యువతీయువకులు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తు పెడతారు, తరువాత ఏ జవాబూ రాదు. ప్రకటన మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. రెండు నెలల తరువాత అదే ప్రకటన కొత్త తేదీతో మళ్లీ వస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల నుంచి ఒక ఇంటర్వ్యూకు ఒంగోలు వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోతుంది, పైగా బస్సు ఛార్జీలు. అందువల్ల ఆ ప్రకటన వెనుక నిజంగా ఉద్యోగం ఉందా లేదా అనేది ఇక్కడి కుటుంబాలకు డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

నియమించుకునే ఉద్దేశం లేకుండా తెరిచి ఉంచే ఇలాంటి ప్రకటనలను ఇంగ్లీషులో ఘోస్ట్ జాబ్స్ అంటున్నారు. ఇక్కడ మేము వాటిని ఉత్తుత్తి ఖాళీలు అంటాం. వీటిని గుర్తుపట్టడం మనకు రెండు కారణాల వల్ల అవసరం. మొదటిది, వృథా అయ్యే సమయం, డబ్బు. రెండవది ఇంకా ముఖ్యమైనది. దళిత అభ్యర్థికి జవాబు రాకపోతే అసలు ఉద్యోగమే లేకపోయి ఉండవచ్చు, లేదా ఉద్యోగం ఉండి అతన్ని పక్కన పెట్టి ఉండవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనం చేయాల్సిన పని మాత్రం రెండు సందర్భాల్లో వేరు.

ఏది ఉత్తుత్తి, ఏది కాదు

ముందు మూడు విషయాలను విడదీయాలి.

డబ్బు అడిగేది ఉత్తుత్తి ఖాళీ కాదు, మోసం. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, యూనిఫాం ఖర్చు అంటూ ముందుగా వసూలు చేస్తే అది పోలీసు కేసు. ఉత్తుత్తి ఖాళీలో సంస్థ నిజమైనదే, ఆఫీసు ఉంటుంది, ఫోన్ ఎత్తుతారు. అక్కడ ఉద్యోగం మాత్రమే ఉండదు.

ఆలస్యం కూడా ఉత్తుత్తి కాదు. డీఎస్సీ సంగతే చూడండి. 2024 ఫిబ్రవరిలో 6,100 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రభుత్వం మారాక అది రద్దయింది. ఆ తరువాత 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించినా నోటిఫికేషన్ వచ్చేసరికి 2025 ఏప్రిల్ 20 అయింది. అభ్యర్థులకు అది నరకమే. అయినా ప్రతి దశకూ ఒక జీవో, ఒక తేదీ, ఒక పరీక్ష షెడ్యూలు ఉన్నాయి. చివరికి 2025 సెప్టెంబర్‌లో 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఎంత ఆలస్యమైనా పని కదులుతున్న జాడ కాగితాల మీద కనిపించింది.

ఎప్పుడూ తెరిచి ఉండే ప్రకటనలన్నీ ఉత్తుత్తివి కావు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, మైక్రోఫైనాన్స్ కలెక్షన్ ఉద్యోగాలు, సెక్యూరిటీ గార్డుల ప్రకటనలు ఏడాది పొడవునా ఉంటాయి. అక్కడ నిజంగానే చేర్చుకుంటారు. టార్గెట్లు, జీతం తట్టుకోలేక మనుషులు మానేస్తూ ఉంటారు కాబట్టి మళ్లీ చేర్చుకుంటారు. అది చెడ్డ ఉద్యోగం కావచ్చు గాని ఉత్తుత్తి ఉద్యోగం కాదు. అందుకే ప్రకటన ఎన్ని నెలలుగా ఉందన్నది ఒక్కటే ఆధారం కాదు. ఆ నెలల్లో ఎవరైనా చేరారా అన్నదే అసలు ప్రశ్న.

ఎందుకు తెరిచి ఉంచుతారు

ఉద్యోగం ఇవ్వని ప్రకటన వల్ల సంస్థకు ఏం లాభమని అనిపించవచ్చు. లాభాలు చాలానే ఉన్నాయి. ఉన్న ఉద్యోగి మానేస్తే వెంటనే పిలవడానికి బయోడేటాల కట్ట చేతిలో ఉంటుంది. కన్సల్టెన్సీకైతే ఆ కట్టే పెట్టుబడి. ఉన్న సిబ్బంది జీతం పెంచమంటే బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో చూపించవచ్చు. సంస్థ పెరుగుతోందన్న పేరు కూడా వస్తుంది. కొన్నిచోట్ల మనిషిని ముందే అనుకుంటారు, నిబంధన కోసం ప్రకటన ఇస్తారు.

వీటన్నిటికంటే మనం ఎక్కువగా గమనించాల్సిన రకం మరొకటి ఉంది. ప్రకటన ఇవ్వడం వల్ల ఒక కాగితం తయారవుతుంది: ‘ప్రకటన ఇచ్చాం, తగిన అభ్యర్థి దొరకలేదు’. ఆ కాగితమే సంస్థకు కావాలి, మనిషి అవసరం లేదు.

ఈ రకానికి బాగా నమోదైన కేసు అమెరికాలో ఉంది. అక్కడి తెలుగువాళ్లకు అది పరిచయమే. వీసా మీద ఉన్న ఉద్యోగికి కంపెనీ గ్రీన్‌కార్డు ఇప్పించాలంటే పెర్మ్ అనే ప్రక్రియ ఉంది. ఆ ఉద్యోగానికి ముందుగా ప్రకటన ఇవ్వాలి, అర్హులైన స్థానికులు దొరకలేదని చూపాలి. ఫేస్‌బుక్ ఈ ప్రకటనలను మొక్కుబడిగా నడిపిందని అమెరికా న్యాయశాఖ 2020 డిసెంబర్‌లో కేసు పెట్టింది. 2,600కు పైగా పోస్టులను తన వెబ్‌సైట్‌లో పెట్టలేదని, దరఖాస్తులను పోస్టులోనే పంపమందని ఆరోపించింది. అందులో బలమైన ఆధారం ఒక పోలిక. ఫేస్‌బుక్ తన వెబ్‌సైట్‌లో పెట్టిన ఇలాంటి ఉద్యోగాలకు వంద, అంతకు మించి దరఖాస్తులు వచ్చేవి. ఈ పోస్టుల్లో 99.7 శాతానికి సున్నా లేదా ఒక్క దరఖాస్తు వచ్చింది. 2021 అక్టోబర్‌లో కంపెనీ 1.42 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు రాజీ పడింది. ఇలాంటి ఆరోపణల మీదే 2023 నవంబర్‌లో ఆపిల్ 2.5 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు ఒప్పుకుంది.

ఈ కేసుల్లో మనకు ఉపయోగపడేది దర్యాప్తు పద్ధతి. సంస్థ మనసులో ఏముందో న్యాయశాఖ ఊహించలేదు. అదే సంస్థ నిజంగా మనుషులు కావాల్సినప్పుడు ఎలా ప్రకటిస్తుందో చూసి, ఈ ప్రకటనను దాని పక్కన పెట్టింది. దరఖాస్తు దారిని ఎక్కడ ఇరుకు చేశారో అప్పుడు బయటపడింది.

నిజమైన ఖాళీ వదిలే జాడలు

నిజంగా మనిషి కావాల్సిన చోట ఆ మనిషి చేయాల్సిన పని ఆగిపోయి ఉంటుంది, లేదా ఇంకెవరి నెత్తినో పడి ఉంటుంది. కాబట్టి సంస్థకు తొందర ఉంటుంది, ఆ తొందర జాడలు వదులుతుంది. నాలుగింటిని చూడండి.

మొదటిది తేదీ. దరఖాస్తు చివరి తేదీ, ఇంటర్వ్యూ తేదీ, చేరాల్సిన తేదీ ఉన్నాయా? ప్రకటనలో లేకపోయినా అడిగితే చెబుతారా?

రెండవది జీతం. ఖాళీ నిజమైతే దానికి ఎంత ఇవ్వాలో ముందే లెక్క వేసుకుని ఉంటారు. ‘అనుభవాన్ని బట్టి’ అన్న మాట ఒక్కటే ఉత్తుత్తి అని చెప్పదు. కానీ ఇంటర్వ్యూ గదిలో కూడా అంకె చెప్పలేకపోతే ఆ పోస్టుకు డబ్బు కేటాయించి ఉండకపోవచ్చు.

మూడవది పైఅధికారి. చేరితే ఎవరి కింద పనిచేయాలి, ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారు? నిజమైన ఖాళీకి ఈ జవాబు ఒక్క వాక్యంలో వస్తుంది.

నాలుగవది, దరఖాస్తు తరువాత కదలిక. ఎవరినైనా పిలిచారా, ఎవరైనా చేరారా? ఇది ఒక్క అభ్యర్థికి తెలిసే సంగతి కాదు, నలుగురు కలిసి చూసుకుంటేనే తేలుతుంది.

ఒక ఉదాహరణ

ఒక ఊహాత్మక ఉదాహరణను దశలవారీగా చూద్దాం. గిద్దలూరు దగ్గర పల్లెలో ఎం.కాం. చదివిన అమ్మాయి ఉంది. ఆగస్టు మూడో వారంలో మార్కాపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రకటన వాట్సాప్‌లో చూసింది: కామర్స్ లెక్చరర్ కావలెను, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యత. జీతం లేదు, చివరి తేదీ లేదు.

ఇక్కడే మొదటి ప్రశ్న వస్తుంది. ప్రైవేటు కాలేజీలు లెక్చరర్లను ఎక్కువగా వేసవిలో, తరగతులు మొదలయ్యే ముందు తీసుకుంటాయి. తరగతులు నడుస్తున్నప్పుడు కామర్స్ లెక్చరర్ నిజంగా లేకపోతే పిల్లలకు పాఠం ఎవరు చెబుతున్నారు? ఎవరైనా మధ్యలో మానేసి ఉంటే ఖాళీ నిజమే, తొందర కూడా ఉండాలి.

మొదటి వారంలో ఫోన్ చేస్తే, ‘బయోడేటా, సర్టిఫికెట్ల జిరాక్సులు, ఆధార్, ఫొటోలు ఇచ్చి వెళ్లమ్మా’ అన్నారు. ఇంటర్వ్యూ తేదీ అడిగితే చెప్పలేదు. ఇది రెండవ గుర్తు. మనిషిని చూడకముందే కాగితాల మీద ఆసక్తి చూపుతున్నారు. కాలేజీలకు యూనివర్సిటీ గుర్తింపు తనిఖీలు ఉంటాయి, అర్హులైన అధ్యాపకుల జాబితా చూపాలి. సర్టిఫికెట్లు ఒకరివి, పాఠాలు చెప్పేది మరొకరు అనే ‘కాగితం ఫ్యాకల్టీ’ సమస్య ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో పాతదే. ఇక్కడా అదే జరుగుతోందని ఈ దశలో అనలేం. జాగ్రత్త పడవచ్చు. ప్రతి జిరాక్సు మీద ‘ఫలానా పోస్టు దరఖాస్తు కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి. ఒరిజినల్స్ ఎట్టి పరిస్థితిలోనూ ఇచ్చి రాకూడదు.

మూడో వారంలో డెమో క్లాసుకు పిలిచారు. నలభై నిమిషాలు పాఠం చెప్పించారు. డెమో సహజమే. కానీ వినడానికి కామర్స్ తెలిసినవారు ఎవరూ కూర్చోలేదు. జీతం అడిగితే, ‘కరస్పాండెంట్ గారు వచ్చాక మాట్లాడతారు’ అన్నారు.

ఏడో వారంలో అదే ప్రకటన అక్షరం మారకుండా మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఆమె మూడు ప్రశ్నలు మెసేజ్ చేసింది: ‘సర్, ఆగస్టులో డెమో ఇచ్చాను. ఆ పోస్టు ఇంకా ఖాళీగా ఉందా? జీతం ఎంత? చేరాల్సిన తేదీ ఎప్పుడు?’ వచ్చిన జవాబు: ‘మీ ప్రొఫైల్ మా దగ్గర ఉంది, అవసరమైతే పిలుస్తాం.’ అంటే ఇప్పుడు అవసరం లేదని వాళ్లే చెప్పినట్టు. ఖాళీ ఉన్నవాళ్లు ‘అవసరమైతే’ అనరు.

ఇంకో అడుగు ఉంది. అదే కాలేజీ మే నెలలో ఇచ్చిన ప్రకటనను వెతికింది. అందులో వాకిన్ తేదీ, సమయం, తేవాల్సిన సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. ఆ నెలలో ముగ్గురు చేరారని అక్కడ చదివే విద్యార్థులు చెప్పారు. నిజంగా కావాల్సినప్పుడు ఈ సంస్థ ఎలా పిలుస్తుందో దీన్నిబట్టి తెలిసింది. ఆగస్టు ప్రకటన అలా లేదు. ఇక ఆమె దానికోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఉత్తుత్తా, వివక్షా?

ఇప్పుడు ఉదాహరణలో ఒక్క వివరం మార్చి చూడండి. ఏడో వారంలో ప్రకటన మళ్లీ రాలేదు. ఆమె తరువాత డెమో ఇచ్చిన, అదే మార్కులు, అదే అనుభవం ఉన్న మరొకరు చేరారని తెలిసింది. అప్పుడు అది ఉత్తుత్తి ఖాళీ కాదు. ఖాళీ ఉంది, నింపారు, ఆమెను తీసుకోలేదు. తీసుకోకపోవడానికి కారణం కులమేనని ఒక్క సంఘటనతో రుజువు కాదు గాని, ప్రశ్న మాత్రం మారిపోతుంది.

ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున పరీక్షించినవారు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్. పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి 0.67 మాత్రమే. ఈ ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయ్యాయి. ఇక్కడా సాధనం పోలికే. ఎవరికీ పిలుపు రాని ప్రకటన నుంచి వివక్ష గురించి ఏమీ తెలియదు. కొందరికి వచ్చి కొందరికి రాని ప్రకటనే ఆధారమవుతుంది.

అందుకే ఒంటరిగా కూర్చుని ‘నాకే రాలేదు’ అనుకోవడం రెండు విధాలా నష్టం. ఉత్తుత్తి ఖాళీని మన అర్హత లోపంగా భావిస్తాం. లేదా నిజమైన వివక్షను ‘ఆ పోస్టే లేదేమో’ అని వదిలేస్తాం.

రిజర్వుడు పోస్టుల్లో ఉత్తుత్తి

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు కాబట్టి అక్కడ మనం గుర్తుపట్టి తప్పుకోగలం, అంతే. ప్రభుత్వ పోస్టుల్లో మాత్రం తప్పుకోవడం మనం చేయకూడని పని. ఎందుకంటే ఇక్కడ ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అన్న కాగితానికి చట్టపరమైన విలువ ఉంది.

ఎస్సీ, ఎస్టీ పోస్టు ఒక ఏడాది నిండకపోతే అది బ్యాక్‌లాగ్‌గా ముందుకు వెళ్లాలి. 2000లో 81వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 16(4బి) అధికరణ ప్రకారం ఈ బ్యాక్‌లాగ్‌ను ప్రత్యేక వర్గంగా చూడవచ్చు, ఆ ఏడాది 50 శాతం పరిమితిలో లెక్కించనక్కర లేదు. మెగా డీఎస్సీలో 16,347కూ 15,941కూ మధ్య మిగిలిన 406 పోస్టుల వంటివి ఇలాగే పుడతాయి. ఆయా కేటగిరీల్లో అర్హులు లేక మిగిలాయని చెప్పారు. తరువాతి నోటిఫికేషన్‌లో అవి అదే కేటగిరీ కింద కనిపిస్తున్నాయా అన్నదే మనం చూడాల్సింది. ఉన్నత విద్యలో ఈ ప్రమాదం ఎలా ఉంటుందో 2024 జనవరిలో చూశాం. అభ్యర్థులు దొరకకపోతే రిజర్వుడు అధ్యాపక పోస్టులను డీ-రిజర్వ్ చేసే మాట యూజీసీ ముసాయిదాలో వచ్చింది. నిరసనలు రాగానే, ఏ పోస్టునూ డీ-రిజర్వ్ చేయబోమని కేంద్ర విద్యాశాఖ చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి మళ్లీ మళ్లీ నోటిఫై అయి నిండని బ్యాక్‌లాగ్ పోస్టు కనిపిస్తే పెర్మ్ కేసు పద్ధతినే వాడాలి. అదే కార్యాలయం ఓపెన్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌ను పక్కన పెట్టండి. దరఖాస్తుకు ఎన్ని రోజులు ఇచ్చారు? ఒకటి ఆన్‌లైన్‌లో, మరొకటి స్వయంగా వచ్చి ఇచ్చేలా పెట్టారా? రిజర్వుడు పోస్టుకు మాత్రమే అదనపు అర్హత ఏదైనా చేర్చారా? ఈ తేడాలే ఫిర్యాదుకు ముడిసరుకు.

సమాచార హక్కు దరఖాస్తులో ఏం అడగాలి

‘ఎందుకు నింపలేదు’ అని అడిగితే, అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపే వీలుంది. ఉన్న రికార్డును అడగాలి. ఈ ఐదు చాలు:

1. ఫలానా పోస్టుకు మంజూరైన సంఖ్య, పనిచేస్తున్నవారి సంఖ్య, కేటగిరీల వారీ ఖాళీలు.
2. ఆ పోస్టు రోస్టర్ రిజిస్టర్ నకలు.
3. గత ఐదేళ్లలో ఆ పోస్టుకు ఇచ్చిన ప్రతి నోటిఫికేషన్ నకలు.
4. ప్రతి నోటిఫికేషన్‌కు వచ్చిన దరఖాస్తులు, అర్హులుగా తేలినవారు, పిలిచినవారు, హాజరైనవారు, ఎంపికైనవారి సంఖ్య.
5. ఎంపిక కమిటీ మినిట్స్ నకలు.

నాలుగో ప్రశ్నే కీలకం. దరఖాస్తులు సున్నా అయితే ప్రకటన ఎవరికీ చేరలేదని అర్థం. ఎక్కువ వచ్చి అర్హులు సున్నా అయితే అర్హత నిబంధనను చూడాలి. అర్హులు ఉండి ఎంపిక సున్నా అయితే మినిట్స్ చదవాలి. తప్పు ఏ దశలో ఉందో ఆ అంకెలే చూపిస్తాయి.

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కార్డు ఉన్నవారు నకలు జతచేస్తే ఫీజు కట్టనక్కర లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేయాలి. 2025 డిసెంబర్ చివర మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది కాబట్టి పాత రికార్డులు ఒంగోలులో ఉన్నాయని అక్కడా, మార్కాపురంలో ఉన్నాయని ఇక్కడా చెప్పవచ్చు. చట్టంలోని 6(3) సెక్షన్ ప్రకారం సమాచారం ఉన్న కార్యాలయానికి దరఖాస్తును ఐదు రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత అందుకున్నవారిదే. ఆ మాటను దరఖాస్తు చివర ఒక వాక్యంగా రాయండి.

2025లో అమల్లోకి వచ్చిన వర్గీకరణలో ఎస్సీ 15 శాతం మూడు గ్రూపులుగా 1, 6.5, 7.5 శాతాలుగా మారింది. అందువల్ల కొత్త నోటిఫికేషన్ల గురించి అడిగేటప్పుడు అంకెలను గ్రూపుల వారీగా అడగాలి. లేకపోతే ఒక గ్రూపు ఖాళీలు మొత్తం లెక్కలో కనిపించకుండా పోతాయి.

చట్టం ఎంతవరకు

చట్టం ఇక్కడ ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకోవాలి. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజికి తెలపాలని చెప్పిన 1959 చట్టంలోనే, తెలిపినంత మాత్రాన అక్కడినుంచి ఎవరినైనా నియమించాల్సిన బాధ్యత లేదని రాసి ఉంది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ప్రభుత్వ నియామకాల్లో కూడా, ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాదని శంకరశన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. అయితే పోస్టు నింపకపోవడానికి ప్రభుత్వం దగ్గర సరైన కారణం ఉండాలని, ఇష్టారాజ్యంగా వదిలేయకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. మన రికార్డు పనికొచ్చేది ఈ రెండో మాట దగ్గరే.

ప్రైవేటు ప్రకటనలకు కెనడాలోని ఒంటారియో ఒక దారి చూపింది. అక్కడ 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఆ ప్రకటన ఇప్పుడున్న ఖాళీకా కాదా అని 2026 జనవరి 1 నుంచి ప్రకటనలోనే రాయాలి. ఇంటర్వ్యూ చేసినవారికి 45 రోజుల్లో ఫలితం చెప్పాలి. ఇక్కడ సంఘాలు కార్మిక శాఖ ముందు పెట్టగల డిమాండ్ ఇదే.

అంతవరకు ప్రతి హాస్టల్లో, ప్రతి సంఘం ఆఫీసులో ఒక నోటుబుక్కు చాలు. ప్రకటన తేదీ, సంస్థ, ఎవరెవరు దరఖాస్తు పెట్టారు, ఎవరికి పిలుపు వచ్చింది, ఎవరు చేరారు, మళ్లీ ప్రకటన ఎప్పుడు వచ్చింది అని ఆరు గడులు గీయండి. ప్రకటన స్క్రీన్‌షాట్‌ను తేదీ కనిపించేలా దాచండి. పేరు రాసేముందు ఆ అభ్యర్థి అనుమతి తీసుకోండి. రెండు మూడు నెలల్లో ఆ గడులే చెబుతాయి: ఏ ప్రకటన వైపు వెళ్లనక్కర లేదో, ఏ ప్రకటన గురించి కార్యాలయం ముందు నిలబడి అడగాలో.